తడి పలక మీద పదమూడు

నాకు సిరా పెన్నంటే పిచ్చి. బాల్ పెన్నుతో రాసేవాళ్లను చూస్తే ఇప్పటికీ చిన్నచూపే. ఆ పిచ్చి మార్కాపురం ఆడపిల్లల క్రికెట్ టోర్నమెంటు ఫైనల్‌ని దాదాపు ముంచేసింది. కాపాడిన మనిషి గురించి చెప్పాలంటే, ముంచిన మనిషి గురించి కూడా చెప్పక తప్పదు. ముంచింది నేనే, నాగభూషణరావుని. పాత బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల దుకాణం నాది.

అది రెండువేల ఇరవై మూడు, మే నెల. పడమటి మండలాల పిల్లలకు టోర్నమెంటు పెట్టాం. గెలిచిన జట్టు ఒంగోలులో జరిగే జిల్లా పోటీలకు వెళ్తుంది. ఫైనల్‌కి గిద్దలూరు, రాచర్ల మిగిలాయి. రాచర్ల కెప్టెన్ లీదియా అనే పిల్ల. పోటీలకు వయసు హద్దు ఉంది. ఆ పిల్లకు అదే ఆఖరి ఏడాది. ఆ రోజు గెలిస్తే ఒంగోలు, లేకపోతే బ్యాటు అటక మీదికే. ఈ మాట గ్రౌండులో అందరికీ తెలుసు, ఎందుకంటే వాళ్లను ఆటోలో తీసుకొచ్చిన కోటేశ్వర్లు పొద్దుటి నుంచి కనపడిన ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాడు. ఆటో అతనిదే, జట్టు మేనేజరూ అతనే, అవసరమైతే చప్పట్లు కొట్టేదీ అతనే.

స్కోరు పుస్తకం నా చేతిలో. స్కోరు బోర్డు కొండమ్మ చేతిలో.

కొండమ్మ పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. పలకలకు చెక్క ఫ్రేములు బిగించడం, కట్టలు లెక్కపెట్టడం ఆమె పని. పిల్లలు పలకలు వదిలేసి నోటుపుస్తకాలు పట్టాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పోతూ పోతూ మిగిలిన పెద్ద పలకలు కొన్ని ఆమె అడిగి తెచ్చుకుంది. మా బోర్డు వాటితోనే చేశాం. పొడవాటి చెక్కకు మేకులు కొట్టి, పరుగులకు మూడు పలకలు, వికెట్లకు ఒకటి, ఓవర్లకు రెండు తగిలించాం. ఒక్కో పలక మీద ఒక్కో అంకె. ఆమె అంకె రాస్తే అచ్చు వేసినట్టుంటుంది, గ్రౌండు ఆ చివరి నుంచి కూడా కనపడుతుంది.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. లీదియా ఆమె కూతురి కూతురు. బోర్డు కొండమ్మకు ఇవ్వొద్దని, మనవరాలి కోసం ఒకటికి రెండు చేస్తుందని కమిటీలో అన్నది కూడా నేనే. బోర్డు ఎలాగూ నా పుస్తకాన్ని చూసే కదా నడిచేది, పర్వాలేదులే అని మిగతావాళ్లు నా నోరు మూయించారు.

ఇరవై ఓవర్ల మ్యాచ్. ముందు గిద్దలూరు బ్యాటింగ్. మధ్యాహ్నం మబ్బు కమ్మి, పన్నెండో ఓవరు దాటాక గాలి మొదలైంది. పదమూడో ఓవరు అయిపోయిందని అంపైర్ నాగయ్య చెప్పాడు. నాగయ్య మా ఊరి బడిలో డ్రిల్లు మాస్టారు, ఆ గొంతు ఊరి చివరికి వినపడుతుంది. నేను ఆ ఓవరు పరుగులు కూడుతున్నాను. అంతలో వచ్చింది గాలివాన. గొడుగు ఎగిరిపోయింది. గొడుగు కోసం నేను లేచాను. నా బరువు లేకపోయేసరికి బల్ల తిరగబడి, స్కోరు పుస్తకం తాగునీళ్ల డ్రమ్ములో పడింది. అవతల బోర్డు మేకులతో సహా వెల్లకిలా పడి, పలకల్లో రెండు పగిలాయి, మిగతావాటి మీది సుద్దను వాన కడిగేసింది.

పుస్తకం బయటికి తీసేసరికి పేజీ అంతా నీలం. పేర్లు లేవు, పరుగులు లేవు. సిరా ఎంత మంచి కంపెనీదైనా నీళ్లలో సిరానే. కనీసం స్కోరెంతో గుర్తుందా అని అందరూ నా మొహం చూశారు. లేదు. పుస్తకంలో పెట్టిన లెక్కను బుర్రలో కూడా పెట్టుకునే అలవాటు నాకు లేదు.

వాన గంటకు పైగా కొట్టింది. వెలిశాక ఇసుక చల్లి, గోనెపట్టాలతో నీళ్లు అద్ది, చీకటి పడేలోపు పది ఓవర్లు ఆడించొచ్చని నాగయ్య తేల్చాడు. పెద్ద మ్యాచుల్లో ఇలాంటప్పుడు చేతిలో ఎన్ని వికెట్లున్నాయి, ఎన్ని ఓవర్లు పోయాయి అని చూసి వేసే పెద్ద లెక్కలుంటాయి. మాకు అంత లేదు. మా కరపత్రం మీద ఒకటే నియమం అచ్చు వేయించాం. వాన వల్ల మొదటి జట్టు ఆట మధ్యలో ఆగితే, స్కోరు నమోదైన ఓవర్ల వరకు రన్‌రేటు కట్టాలి. ఆ రేటుతో రెండో జట్టుకు దొరికే ఓవర్లను హెచ్చవేయాలి. దానికన్నా ఎక్కువ కొడితే గెలుపు. సరిగ్గా సమానమైతే లీగ్ పట్టికలో పైన ఉన్న జట్టుది కప్పు. పైన ఉన్నది గిద్దలూరు.

నియమం బాగానే ఉంది, స్కోరే లేదు.

అప్పుడు కోటేశ్వర్లు ఫోను ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, నా కాడ ఉంది! వానకు ముందు బోర్డును ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టినా. టైమ్ చూడు, మూడూ నలభై ఒకటి. వాన పడింది మూడూ నలభై మూడుకు.”

ఆ ఫోనును నేను కళ్లకద్దుకున్నంత పని చేశాను. గిద్దలూరు కెప్టెన్ హైమావతి, ఇటు లీదియా, నాగయ్య, అందరం గ్రౌండు పక్కనున్న రేకుల షెడ్డులో తలలు ఒకచోట పెట్టి చూశాం. పరుగుల దగ్గర ఎనిమిది, నాలుగు. వికెట్లు మూడు. ఓవర్ల దగ్గర ఒకటి, దాని పక్కన కాస్త మసగ్గా ఇంకో అంకె.

“ఎనిమిదా, మూడా?” అన్నాడు నాగయ్య.

“పద్దెనిమిది ఓవర్లు ఎక్కడయినాయి? మూడే. పదమూడు అయినాయి కదా,” అన్నాను.

“నా ఫోను కెమెరా అంతంతమాత్రం అన్నా,” అన్నాడు కోటేశ్వర్లు.

మిగతా అంకెలన్నీ తెల్లగా ఉండి, ఆ ఒక్క మూడే ఎందుకు మసగ్గా ఉందని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాణ్ని నేను. నాకు లెక్క దొరికిన సంతోషంలో కళ్లు నెత్తి మీద ఉన్నాయి.

నాగయ్య కాలిక్యులేటరు తీయబోతే వద్దన్నాను. దుకాణంలో పాతికేళ్లుగా నోటి లెక్కే నాది. “ఎనభై నాలుగును పదమూడుతో భాగించు. ఆరు పాయింట్ నాలుగు ఆరు. ఈ లెక్కన ఇరవై ఓవర్లూ ఆడుంటే గిద్దలూరు నూట ఇరవై తొమ్మిది కాడ ఆగేది. మనకు ఉండేది పది ఓవర్లు. అరవై నాలుగు పాయింట్ ఆరు. అంటే రాచర్లకు అరవై ఐదు కావాల. ఓవరుకు ఆరున్నర.”

రాచర్ల పిల్లలు ఎగిరి గంతేశారు. చేతిలో పది వికెట్లుండగా పది ఓవర్లకు అరవై ఐదు వాళ్లకు కొండ కాదు. హైమావతి మొహం ముడుచుకుంది. “తక్కువుంది సారూ. మేము ఇంకా బాగా ఆడినాము. ఓవరుకు ఏడు కొడ్తానే ఉన్నాము అనిపించింది,” అంది. అనిపించడం వేరు, ఫోటో వేరు అని నేను కసిరాను.

కొండమ్మ షెడ్డు బయట పగిలిన పలకల ముక్కలు ఏరుతోంది. నా మాట విని లేచి వచ్చింది. తడిసిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “పదమూడుతో భాగించగూడదు నాయనా,” అంది.

“నువ్వుండక్కా,” అన్నాను. “బోర్డు మీద ఉండేది పదమూడే కదా.”

“బోర్డు మీద పదమూడే. రాసింది నేనే. ఆ ఎనభై నాలుగు మాత్రం పదమూడుది కాదు, పన్నెండుది.”

షెడ్డులో అందరూ ఆమె వైపు తిరిగారు. లీదియా అందరికన్నా ముందు తేరుకుంది. “అవ్వా! ఏందవ్వా నువ్వు?”

కొండమ్మ మనవరాలి వైపు చూడలేదు. “ఓవర్ అని నాగయ్య అరిచిన ఎంటనే నేను ముందు ఓవర్ల పలక మారుస్తా. ఆ పైన ఈయన బల్ల కాడికి పోయి ఎంత అని అడుగుతా. అడిగి వచ్చినాకనే పరుగుల పలక మారుస్తా. ఆ మధ్యలో తీసినాడు ఈ ఫోటో. పరుగులు నేనింకా మార్చలే.”

కోటేశ్వర్లుకు ఎక్కడలేని కోపం వచ్చింది. తన ఫోటో తన జట్టుకే ఎదురు తిరిగితే ఎవరికైనా వస్తుంది. “నీకెట్ల తెలుసు పెద్దమ్మా? మార్చినాకనే తీసినానేమో. నువ్వు పెద్దదానివి, మరిచిపోయి ఉంటావు.”

“నేను మరిచిపోతే పోతా. పలక మరిచిపోదు. ఆ బొమ్మను పెద్దది చెయ్యి.”

అతను వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు. ఆమె తెర మీద వేలు పెట్టకుండా, దూరం నుంచే చూపించింది.

“ఒకటి రాసిన పలక ఏ రంగుంది?”

“బూడిద రంగు.”

“దాని పక్కన మూడు రాసింది?”

కోటేశ్వర్లు ఫోను నా వైపు తిప్పాడు. నేను చూశాను. నల్లగా ఉంది. మిగతా ఐదు పలకలూ బూడిద రంగులో, వాటి మీద సుద్ద తెల్లగా మెరుస్తోంది. ఆ ఒక్క పలక మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది, దాని మీద మూడు వెలవెలబోతోంది.

“తడిగుడ్డతో తుడిచి రాస్తా కదా,” అంది కొండమ్మ. “తడి పలక నల్లగుంటది. దాని మీద సుద్ద ఎంటనే తేలదు. ఆరేకొద్దీ తెల్లగవుతది. ఎండుంటే నిమిషం పట్టదు. ఈ పొద్దు మబ్బు కదా, రెండు మూడు నిమిషాలు పడతాది. ఓవర్ల పలక ముందు, పరుగుల పలక ఎనక. పరుగులు మార్చి ఉంటే ఆ నాలుగు రాసిన పలక, మూడు రాసినదానికంటె నల్లగుండాల. అది చూడు, ఎండిపోయి ఉంది.”

కోటేశ్వర్లు ఊరుకునే రకం కాదు. “మెయిడిన్ ఓవరేమో! పరుగులే రాకపోతే పలక మార్చే పనేముంది? ఎనభై నాలుగు ఎనభై నాలుగే ఉంటది కదా.”

నాకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే, ఆమె తప్పని తేలితే బాగుండునని నాలో ఒక మూల ఇంకా ఉంది.

“పరుగు రాకపోయినా చివరి పలక తుడిచి, ఆ అంకెనే మళ్లా రాస్తా,” అంది ఆమె. “లేకుంటే ముసల్ది నిద్రపోయిందని మీరే అరుస్తారు.”

నిజమే. ఆ టోర్నమెంటులో అలా అరిచిందీ నేనే, అదీ రెండో రోజునే. అప్పటి నుంచి ఆమె పరుగు రాని ఓవరుకు కూడా పలక తుడిచి రాయడం నేను కళ్లారా చూశాను. చూసి, ఎంత చాదస్తమో అనుకున్నాను.

అప్పుడు నాకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గాలి రావడానికి ముందు, నేను వేళ్ల మీద కూడుతుండగా, ఎవరో బల్ల పక్కన నిలబడి “ఎంత నాయనా?” అన్నారు. “ఉండు, కూడతా ఉండా కదా!” అని తలెత్తకుండానే కసిరాను. అది ఈమే. చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్లు కారి నా చెప్పు మీద పడ్డాయి. ఆ అంకె చెప్పే లోపలే గొడుగు ఎగిరింది. అంటే పదమూడో ఓవరు పరుగులు నా నోట్లోంచి బయటికే రాలేదు, ఆమె పలక మీదికి ఎలా వెళ్తాయి?

ఆ మాట అందరికీ చెప్పాను. చెప్పడానికి కొంచెం కష్టమైంది.

ఇక మిగిలింది పదమూడో ఓవరు పరుగులు. పదకొండు అని గిద్దలూరు, ఐదు అని రాచర్ల. నాగయ్య కరపత్రం తీసి చదివాడు. ‘స్కోరు నమోదైన ఓవర్ల వరకు.’ నమోదై కనపడుతున్నది పన్నెండు ఓవర్లకు ఎనభై నాలుగు. ఈసారి లెక్కకు నోరు కూడా అక్కర్లేదు. ఓవరుకు ఏడు. ఇరవై ఓవర్లకు నూట నలభై. పది ఓవర్లకు డెబ్బై. రాచర్ల గెలవాలంటే డెబ్బై ఒకటి. ఓవరుకు ఏడు పాయింట్ ఒకటి.

అరవై ఐదు కాస్తా డెబ్బై ఒకటి అయ్యింది. ఆరు పరుగులు. పది ఓవర్ల ఆటలో ఆరు పరుగులంటే ఏంటో ఆడినవాళ్లకు తెలుసు.

లీదియా కళ్లనిండా నీళ్లు. “నువ్వు నోరు మూసుకోని ఉంటే ఏం పోయేదవ్వా? ఎవురన్నా అడిగినారా నిన్ను? నాకిదే చివరి ఏడాదని తెలుసు కదా నీకు!”

“తెలుసమ్మా,” అంది కొండమ్మ. “నువ్వు ఒంగోలు పోవాలని నీకంటె నాకే ఎక్కువుంది. కానీ అది నా చేత్తో రాసిన పలక. అది తప్పు చెప్తా ఉంటే నేను చూస్తా ఎట్ల కూర్చుంటా? పోయి కొట్టుపో, డెబ్బై ఒకటి.”

ఆ పిల్ల విసురుగా వెళ్లిపోయింది. కొండమ్మ మళ్లీ పలకల ముక్కలు ఏరడానికి కూర్చుంది. నేను పక్కకు తిరిగాను. నాకు సిగ్గేసింది. ఈ మనిషికా బోర్డు ఇవ్వొద్దన్నాను!

ఇంటి నుంచి ఇంకో రెండు పలకలు తెప్పించి, దుకాణం నుంచి నేను మేకులు తెప్పించి, బోర్డు మళ్లీ నిలబెట్టాం. కొత్త స్కోరు పుస్తకానికి బాల్ పెన్ను అప్పు తెచ్చుకున్నాను. మనసు చంపుకుని.

ఆట మొదలైంది. బంతి తడిసి సబ్బు ముక్కలా జారుతోంది. ఐదు ఓవర్లకు రాచర్ల ముప్పై ఒకటి, రెండు వికెట్లు. మిగిలిన ఐదు ఓవర్లలో నలభై కావాలి, అంటే ఓవరుకు ఎనిమిది. కొండమ్మ ప్రతి ఓవరుకూ అదే వరస. ఓవర్ల పలక తుడవడం, నా దగ్గరికి రావడం, “ఎంత నాయనా?” అనడం, వెళ్లి పరుగుల పలక రాయడం. ఇప్పుడు నేను కసరకుండా చెబుతున్నాను. ఎనిమిది ఓవర్లకు యాభై నాలుగు. తొమ్మిదో ఓవరులో ఏడు వచ్చాయి. అరవై ఒకటి. చివరి ఓవరుకు పది కావాలి. క్రీజులో లీదియా, అవతల చివర గురమ్మ అనే బక్కపల్చని పిల్ల.

చివరి ఓవరులో మాత్రం కొండమ్మ నా దగ్గరికి రాదు. బంతి బంతికీ తనే లెక్కపెట్టి పలకలు మారుస్తుంది, జనం అడుగుతారని.

మొదటి బంతి లీదియా ఫోరు కొట్టింది. అరవై ఐదు. నా వెనక ఎవరో, “ఆ ముసలమ్మ గమ్ముగుండుంటే ఈపాటికి గెలిచేసేది పాప,” అన్నారు. ఆ మాట కొండమ్మ వరకూ వినపడింది. ఆమె పలక తుడిచి ఐదు రాసింది.

రెండో బంతికి పరుగు లేదు. గ్రౌండంతా నిలబడింది. నేనూ నిలబడ్డాను. నా కళ్లద్దాల మీద చినుకులు పడితే పంచె కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, బంతి బంతికీ అరుస్తూ రాశాను. తరువాత రెండు పరుగులు, తరువాత ఒకటి, తరువాత గురమ్మ ఇంకొకటి. ఐదు బంతులయ్యాయి. మళ్లీ లీదియా వంతు.

నా పుస్తకంలో అరవై తొమ్మిది. బోర్డు మీద డెబ్బై.

“ఆగండి!” అని అరిచాను. నాగయ్య వచ్చాడు, ఇద్దరు కెప్టెన్లూ వచ్చారు. నా పుస్తకం ప్రకారం చివరి బంతికి రెండు పరుగులు కావాలి. బోర్డు ప్రకారం ఒకటి చాలు. బోర్డుకూ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకానిదే మాట. అది ఎక్కడైనా ఉండే పద్ధతి. పైగా ఈసారి తేడా ఆమె మనవరాలి వైపుంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్లు ఏమంటున్నారో నాకు తెలుసు, వారం కిందట కమిటీలో నేనన్నదే.

కొండమ్మ బోర్డు దగ్గరే నిలబడి ఉంది. పలక మాత్రం తీయలేదు.

హైమావతి నా పుస్తకం వైపు కూడా చూడలేదు. “అవ్వ రాసిందే స్కోరు సారూ,” అంది. “ఆమెకు అబద్ధం రాయాలనుంటే షెడ్డులో అరవై ఐదు అన్నప్పుడే గమ్ముగా ఉండేది కదా. డెబ్బై పెట్టుకో. ఒకటే కావాల వాళ్లకు.”

పద్దెనిమిదేళ్ల పిల్ల. ఓడిపోతే తన ఒంగోలు కూడా పోతుంది.

నాగయ్య వేళ్లు ముడిచి, “ఫోరు, డాటు, వైడు, రెండు, ఒకటి, ఒకటి,” అని లెక్కపెట్టి నా వైపు చూశాడు. “వైడు రాసుకున్నావా?”

నేను పుస్తకం చూశాను. నాలుగు, చుక్క, రెండు, ఒకటి, ఒకటి. వైడు లేదు.

“చేతులు రెండూ చాపి చూపించినా కదన్నా. నువ్వు చెయ్యెత్తినావనుకున్నా.”

నేనెత్తింది కళ్లద్దాలు తుడుచుకునే చెయ్యి. అంపైరు సైగ చేస్తే స్కోరర్ చూశానని చెయ్యెత్తాలి. పదేళ్లుగా అందరికీ ఆ పాఠం చెప్పేది నేనే. వైడు రాసి, డెబ్బై దిద్దాను. బాల్ పెన్ను కాబట్టి చెరగలేదు, కొట్టివేత కొట్టివేతగానే ఉండిపోయింది. కొండమ్మ వైపు చూసి చెయ్యెత్తాను. ఆమె తలూపింది, అంతే.

చివరి బంతి. లీదియా కళ్లు మూసుకుని ఊపినట్టు ఊపింది. బ్యాటుకు తగల్లేదు. బంతి తడిగా ఉండి కీపరు చేతుల్లోంచి జారి కాళ్ల వెనక్కి వెళ్లింది. “రావే!” అని గురమ్మ అప్పటికే సగం దూరంలో ఉంది. లీదియా బ్యాటు చాపి బురదలో పడింది. అవతల కీపరు వేసిన బంతి వికెట్లను దాటిపోయింది.

నాగయ్య అరచెయ్యి విప్పి పైకెత్తాడు. బై, ఒక పరుగు. ఈసారి నేను చెయ్యి ఎంత ఎత్తానంటే, భుజం పట్టేసి మర్నాడు తైలం రాయించుకోవాల్సి వచ్చింది.

గొప్ప షాటు కాదు. బ్యాటుకు తగలని పరుగుతో ఒంగోలు. అయినా ఆ పిల్ల బురదలోంచి లేచి, జట్టువాళ్లు ఎత్తుకోబోతుంటే విడిపించుకుని, తిన్నగా బోర్డు దగ్గరికి పరుగెత్తింది. అవ్వ భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. కొండమ్మ ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో పలక తుడుస్తూనే ఉంది. “ఆగే, పలక మీద పడతావు,” అంటోంది, తన కళ్లు కూడా తుడుచుకోకుండా.

నేను హైమావతి దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాను. ఆ పిల్ల కంగారుపడి నవ్వింది. ఇద్దరం కలిసి బోర్డు దగ్గరికి వెళ్లాం. కొండమ్మ సున్నా ఉన్న పలక తుడిచి ఒకటి రాసింది. పలక ఇంకా నల్లగానే ఉంది, ఒకటి సరిగ్గా కనపడటం లేదు. దూరంగా ఉన్నవాళ్లు ఎంత, ఎంత అని అరుస్తున్నారు. మేం నలుగురం అక్కడే నిలబడి చూస్తుండగా, ఆరేకొద్దీ ఆ ఒకటి తెల్లబడింది.

ఫోను తీసి ఎత్తి పట్టుకున్నాను. నొక్కబోయి ఆగాను.

“అన్నీ మార్చినావా కొండమ్మక్కా?”

“లేదు నాయనా. ఓవర్ల పలక ఉంది ఇంకా. కొంచెం ఉండు.”

ఉన్నాను.